సరఫరా ఒప్పందంలో సబ్‌కాంట్రాక్టు నిబంధన: అనుమతి, షరతుల బదిలీ, వైఫల్యానికి జవాబుదారీ విషయంలో ఏ రూపాన్ని ఎంచుకోవాలి?

సరఫరా ఒప్పందంలో సబ్‌కాంట్రాక్టుకు సంబంధించిన నిబంధన సాధారణంగా రెండు మూడు వాక్యాలకు మించదు. ధర, గడువు, చెల్లింపుల మీద వారాల తరబడి బేరమాడిన వారు కూడా ఈ నిబంధనను పాత ఒప్పందంలోంచి యథాతథంగా తెచ్చి అతికిస్తారు. కానీ సరుకులో లోపం బయటపడినప్పుడు, ఆ లోపం సంతకం చేసిన సరఫరాదారు దగ్గర కాక అతను పని అప్పగించిన మరొకరి దగ్గర పుట్టిందని తేలినప్పుడు, వివాదం మొత్తం ఆ రెండు మూడు వాక్యాల చుట్టూనే తిరుగుతుంది. ఆ నిబంధనలో తేల్చుకోవలసిన విషయాలు మూడు: పనిని బయటికి ఇవ్వడానికి ఎవరి అనుమతి కావాలి, ప్రధాన ఒప్పందంలోని ఏ షరతులు సబ్‌కాంట్రాక్టర్‌కు కూడా వర్తించాలి, అతను విఫలమైతే ఎవరు జవాబు చెప్పాలి. ఒక్కొక్క దానికి రెండు మూడు రూపాలు వాడుకలో ఉన్నాయి. ఏది ఎప్పుడు పనికొస్తుందో ఒకే ఉదాహరణ మీద పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

ఒక యంత్రాల తయారీ సంస్థ 12.9 తరగతికి చెందిన అధిక బలం గల బోల్టులను, జింకు ఎలక్ట్రోప్లేటింగ్‌తో సహా, ఒక సరఫరాదారు నుంచి కొంటోందని అనుకుందాం. సరఫరాదారు బోల్టులను తన ఫ్యాక్టరీలోనే తయారుచేసి, హీట్ ట్రీట్‌మెంట్ కూడా తానే చేసి, ప్లేటింగ్‌కు మాత్రం బయటి యూనిట్‌కు పంపుతాడు. మొత్తం ఆర్డరు విలువను 100 వంతులుగా లెక్కిస్తే, ప్లేటింగ్ చార్జీ అందులో 4 వంతులు మాత్రమే. అంత చిన్న పని కాబట్టి దాని గురించి ఎవరూ ఎక్కువగా ఆలోచించరు. అయితే ఈ తరగతి బోల్టుల గట్టిదనం సుమారు 385 నుంచి 435 విక్కర్స్ వరకు ఉంటుంది. అంత గట్టి ఉక్కును ప్లేటింగ్‌కు ముందు యాసిడ్‌తో శుభ్రపరిచేటప్పుడు, ప్లేటింగ్ తొట్టిలో ఉన్నప్పుడు, హైడ్రోజన్ లోహంలోకి చొరబడుతుంది. దాన్ని వెళ్లగొట్టడానికి ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే బోల్టులను ఓవెన్‌లో పెట్టి, దాదాపు 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలా గంటలపాటు వేడి చేయాలి. ఈ బేకింగ్ ఆలస్యమైనా, మానేసినా బోల్టు చూడడానికి నిక్షేపంగా ఉంటుంది, మామూలు టెన్సైల్ పరీక్షలో కూడా నెగ్గుతుంది, కానీ బిగించిన కొన్ని గంటలకో కొన్ని రోజులకో, అదనపు భారం ఏమీ పడకుండానే, తల ఊడిపోవచ్చు.

మన ఉదాహరణలో జరిగింది కూడా ఇదే. మొదట పనిచేసిన ప్లేటింగ్ యూనిట్‌కు పని ఎక్కువైనప్పుడు సరఫరాదారు కొన్ని బ్యాచులను రెండో యూనిట్‌కు పంపాడు. అక్కడ ఓవెన్ ఖాళీ లేక బేకింగ్ మరుసటి రోజు చేశారు. వచ్చిన సరుకును కొనుగోలుదారు పరీక్షించి ఆమోదించాడు, యంత్రాల్లో బిగించి, వాటిని వినియోగదారులకు పంపేశాడు. ఆ తర్వాత బోల్టుల తలలు ఊడడం మొదలైంది.

ముందుగా నిర్వచనం

అనుమతి గురించి మాట్లాడేముందు సబ్‌కాంట్రాక్టర్ అంటే ఎవరో ఒప్పందంలో రాసుకోవాలి. ఈ పని చేయకపోతే సరఫరాదారు తొలి వాదన ఇక్కడే మొదలవుతుంది: "నేను పనిని ఎవరికీ సబ్‌కాంట్రాక్టుకు ఇవ్వలేదు, బయట ప్లేటింగ్ సేవను కొన్నాను, తీగ కొన్నట్టే." ఈ వాదనలో కొంత బలం ఉంది. ఎందుకంటే ముడిసరుకు అమ్మేవాడికీ, ఒప్పందంలోని పనిలో కొంత భాగాన్ని చేసిపెట్టేవాడికీ చట్టాలు కూడా తేడా చూస్తాయి. అంతర్జాతీయ సరుకుల అమ్మకం ఒప్పందాలపై ఐక్యరాజ్యసమితి 1980లో తెచ్చిన కన్వెన్షన్‌లో 79వ అధికరణ రెండో పేరా, ఒప్పందం మొత్తాన్ని గానీ కొంత భాగాన్ని గానీ నెరవేర్చడానికి నియమించిన మూడో వ్యక్తి గురించే ప్రత్యేకంగా మాట్లాడుతుంది. ముడిసరుకు అమ్మినవారు మామూలుగా ఆ కోవలోకి రారనే అభిప్రాయం బలంగా ఉంది.

కాబట్టి "ఒప్పంద సరుకు మీద గానీ దాని భాగాల మీద గానీ తయారీ, ప్రాసెసింగ్, హీట్ ట్రీట్‌మెంట్, ఉపరితల శుద్ధి, పరీక్ష, అసెంబ్లీ పనుల్లో దేన్నైనా సరఫరాదారు తరఫున చేసే ప్రతి వ్యక్తి లేదా సంస్థ, ఏ అంచెలో ఉన్నా" అని విస్తృతంగా నిర్వచించడం మంచిది. "ఏ అంచెలో ఉన్నా" అన్న మాట అలంకారం కోసం పెట్టింది కాదు. రెండో ప్లేటింగ్ యూనిట్ బేకింగ్‌ను మూడో చోటికి పంపే అవకాశం కూడా ఉంది కదా. సరఫరాదారుకు చెందిన అనుబంధ సంస్థలు ఈ నిర్వచనంలోకి వస్తాయా రావా అన్నది కూడా తేల్చేయాలి. ఒకే గ్రూపులోని మరో ఫ్యాక్టరీకి పని మారినా ప్రాసెస్ మారుతుంది కాబట్టి, వాటిని కూడా చేర్చాలన్నదే నా అభిప్రాయం.

అనుమతి హక్కు: మూడు దారులు

మొదటి దారిలో సరఫరాదారు ఎవరికైనా పని ఇచ్చుకోవచ్చు, కొనుగోలుదారుకు సమాచారం ఇస్తే చాలు. మార్కెట్లో ఎక్కడైనా దొరికే సరుకుకు, వచ్చాక పరీక్షించి లోపం పట్టుకోగలిగే సరుకుకు ఇది సరిపోతుంది. ధర తక్కువగా ఉంటుంది, సరఫరా ఆగదు. కానీ మన బోల్టుల్లో లోపాన్ని పట్టుకోవాలంటే బోల్టులను బిగించి సాధారణంగా 48 గంటలపాటు అలాగే ఉంచి చూడాలి, అదీ కొన్ని నమూనాల మీదే సాధ్యం. అంత్య పరీక్షలో కనిపించని లోపం ప్రాసెస్‌లో పుట్టే అవకాశం ఉన్నచోట కేవలం సమాచారంతో సరిపెట్టుకోవడం తగదు.

రెండో దారిలో ప్రతి సబ్‌కాంట్రాక్టుకూ ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలి. కాగితం మీద ఇది కొనుగోలుదారుకు ఎంతో రక్షణగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం పెట్టెలు చేసేవాడి నుంచి లేబుళ్లు అచ్చువేసేవాడి వరకు అందరి కాగితాలూ కొనుగోలు విభాగం బల్ల మీదికి వస్తాయి, ఎవరూ వాటిని చదవరు, కొన్ని నెలలకు సరఫరాదారు అడగడం మానేస్తాడు, కొనుగోలుదారు కూడా పట్టించుకోడు. అలా ఇద్దరూ తెలిసి వదిలేసిన హక్కును వివాదం వచ్చాక పైకి తీస్తే, ఆ హక్కును మీరే వదులుకున్నారన్న వాదన ఎదురవుతుంది. హక్కును వదులుకోవడం రాతపూర్వకంగానే జరగాలన్న నిబంధన కొంత కాపాడవచ్చు గానీ, అసలు ఆ పరిస్థితి తెచ్చుకోకపోవడం మేలు.

మూడో దారిలో కీలక ప్రాసెస్‌ల జాబితా ఒకటి ఒప్పందానికి అనుబంధంగా ఉంటుంది. ప్రతి ప్రాసెస్ ఎదుట ఆమోదం పొందిన యూనిట్ పేరు, ఏ ప్రాంగణంలో పని జరగాలన్నది రాసి ఉంటుంది. ఆ జాబితాలోని పనికి యూనిట్ గానీ, ప్రాంగణం గానీ, ప్రాసెస్ పద్ధతి గానీ మారాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి, మిగిలిన పనులకు సమాచారం చాలు. బోల్టుల విషయంలో హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, బేకింగ్ ఈ మూడూ జాబితాలో ఉంటే సరిపోతుంది, ప్యాకింగ్ అక్కర్లేదు. నేను సిఫారసు చేసేది ఈ మూడో రూపాన్నే. జాబితా తయారు చేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న "ఈ పని విలువ ఎంత" అన్నది కాదు. "ఈ పని సరిగా జరగకపోతే సరుకు అందాక మనం కనిపెట్టగలమా" అన్నది. 4 వంతుల ప్లేటింగ్ జాబితాలోకి వచ్చేది ఈ ప్రశ్న వల్లనే. విలువలో ఇంత శాతం దాటితే అనుమతి కావాలని రాసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. మన ఉదాహరణలో 10 శాతం పరిమితి పెట్టి ఉంటే ప్లేటింగ్ దాని కిందికే పోయేది.

ఏ రూపం తీసుకున్నా మౌనానికి అర్థం ఏమిటో రాయాలి. సరఫరాదారు అడిగాక 10 పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టా, నిరాకరించినట్టా? సరఫరాదారులు మొదటిదాన్ని కోరతారు, అందులో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే కొనుగోలుదారు ఉత్తరం పక్కన పెట్టి కూర్చుంటే ఫ్యాక్టరీ ఆగిపోతుంది. కీలక జాబితాలోని పనులకు మౌనం నిరాకరణ అనీ, మిగిలిన పనుల మీద అభ్యంతరం చెప్పే హక్కు ఉంటే అక్కడ మౌనం అంగీకారం అనీ విడదీస్తే ఇద్దరికీ సమంజసంగా ఉంటుంది. దానికి బదులుగా, సహేతుకమైన కారణం లేకుండా అనుమతి నిరాకరించకూడదన్న సరఫరాదారు కోరికకు కొనుగోలుదారు ఒప్పుకోవచ్చు, అయితే భద్రత, నాణ్యత, గోప్యత, పోటీదారుతో సంబంధం వంటివి సహేతుకమైన కారణాలుగానే లెక్కకు వస్తాయని స్పష్టంగా చేర్చాలి.

షరతులను కిందికి దించడం

ప్రధాన ఒప్పందంలోని బాధ్యతలను సబ్‌కాంట్రాక్టులోకి కూడా దించాలనే షరతును ఫ్లో డౌన్ నిబంధన అంటారు. ఇది ఎందుకు కావాలంటే, ప్లేటింగ్ యూనిట్‌కూ కొనుగోలుదారుకూ మధ్య ఒప్పందమే లేదు. ప్రధాన ఒప్పందంలో "సబ్‌కాంట్రాక్టర్ల ప్రాంగణాలను కొనుగోలుదారు తనిఖీ చేయవచ్చు" అని ఎంత గట్టిగా రాసుకున్నా, ఆ మాట ప్లేటింగ్ యూనిట్ యజమానిని కట్టిపడేయదు. గేటు దగ్గర అతను "మీరెవరో నాకు తెలియదు" అంటే, సరఫరాదారు తన మాట తప్పాడని నష్టపరిహారం అడగగలరు గానీ లోపలికి పోయి ఓవెన్ ఉష్ణోగ్రత చార్టు చూడలేరు. ఆ హక్కు సబ్‌కాంట్రాక్టులో కూడా రాసి ఉండాలి.

ఇక్కడ తేలికగా కనిపించే రూపం, "ఈ ఒప్పందంలోని షరతులన్నీ తగిన మార్పులతో సబ్‌కాంట్రాక్టుకూ వర్తిస్తాయి" అన్న ఒక్క వాక్యం. దీన్ని నేను సిఫారసు చేయను. తగిన మార్పులేవో ఎవరూ చెప్పరు. ఐదు రోజుల నోటీసు గడువు ఎవరికి ఎవరు ఇవ్వాలి, జాప్యానికి పరిహారం మొత్తం ఆర్డరు విలువ మీద లెక్కించాలా లేక ప్లేటింగ్ చార్జీ మీదా, ఇవన్నీ గాలిలో వేలాడతాయి. పైగా 4 వంతుల పని చేసే చిన్న యూనిట్ మీద 100 వంతుల ఒప్పందంలోని ప్రతి షరతూ మోపితే, అతను చదవకుండా సంతకం చేస్తాడు లేదా ఆ పనే వద్దంటాడు. చదవకుండా చేసిన సంతకం వల్ల బేకింగ్ సమయానికి జరగదు.

ఎంచిన షరతులను మాత్రమే పేరుపేరునా దించడం మేలైన రూపం. మన బోల్టులకు అవి ఎక్కువేమీ కావు. సాంకేతిక నిర్దేశాలు, వాటిలోనూ ప్లేటింగ్‌కూ బేకింగ్‌కూ మధ్య అనుమతించే గరిష్ఠ సమయం, ఉష్ణోగ్రత, వ్యవధి, ప్రతి బ్యాచ్ రికార్డు, అది ఏ హీట్ ట్రీట్‌మెంట్ లాటుకు చెందిందో తెలిపే గుర్తింపు, రికార్డులు భద్రపరచవలసిన కాలం, ప్రాసెస్ మారేముందు ఇచ్చే నోటీసు, తనిఖీ హక్కు, గోప్యత, మళ్లీ మరొకరికి పని అప్పగించకూడదన్న నిషేధం. డ్రాయింగులు, టూల్స్ సబ్‌కాంట్రాక్టర్ దగ్గరికి పోయే సందర్భాల్లో వాటి యాజమాన్యం, తిరిగి అప్పగింత కూడా చేరతాయి.

అంకెలున్న షరతులను దించేటప్పుడు వాటిని అలాగే దించకూడదు. ప్రధాన ఒప్పందం ప్రకారం లోపం గురించి తెలిసిన 5 పనిదినాల్లో సరఫరాదారు కొనుగోలుదారుకు చెప్పాలనుకుందాం. సబ్‌కాంట్రాక్టులో కూడా 5 దినాలే రాస్తే, ప్లేటింగ్ యూనిట్ ఐదో రోజు సాయంత్రం చెప్పినా తన మాట నిలబెట్టుకున్నట్టే. కానీ కదులుతున్న యంత్రాల్లో ఆ బోల్టులు ఉన్నప్పుడు ఒక్కో రోజు ఆలస్యానికీ ఎంత ప్రమాదం ఉందో చెప్పనక్కర్లేదు. కింద 2 దినాలు రాస్తే మధ్యలో సరఫరాదారుకు విచారించుకునే సమయం మిగులుతుంది. గడువులు కిందికి పోయే కొద్దీ తగ్గాలి, వారంటీ కాలం, రికార్డుల కాలం మాత్రం పెరగాలి. వారంటీ సరుకు కొనుగోలుదారుకు చేరిన రోజు నుంచి 24 నెలలైతే, ప్లేటింగ్ పని దానికి రెండు మూడు నెలల ముందే పూర్తయి ఉంటుంది కాబట్టి, సబ్‌కాంట్రాక్టులో పని పూర్తయిన నాటి నుంచి 24 నెలలని రాస్తే చివరి రెండు మూడు నెలల వారంటీ భారం సరఫరాదారు ఒక్కడి మీదే పడుతుంది.

షరతులు నిజంగా దిగాయో లేదో చూసుకునే హక్కు కూడా అవసరం. సబ్‌కాంట్రాక్టు నకలును, ధరలు కనిపించకుండా చేసి, అడిగినప్పుడు చూపాలని రాయవచ్చు. ధరలు దాచుకునే అవకాశం ఉంటే సరఫరాదారులు దీనికి అంతగా అభ్యంతరం చెప్పరు.

వైఫల్యానికి జవాబు ఎవరు చెప్పాలి

ఇక్కడ సరఫరాదారు ముందుకు తెచ్చే రూపం, "సబ్‌కాంట్రాక్టర్‌ను ఎంచుకోవడంలో తగిన జాగ్రత్త తీసుకుంటే చాలు" అన్నది. కొనుగోలుదారు దీనికి ఒప్పుకుంటే మన ఉదాహరణలో కేసు దాదాపు అక్కడే ముగిసిపోతుంది: రెండో యూనిట్‌కు నాణ్యతా సర్టిఫికెట్ ఉంది, పాత ఖాతాదారులు మెచ్చుకున్నారు, జాగ్రత్త తీసుకున్నాము అంటాడు. నష్టం మాత్రం ప్లేటింగ్ యూనిట్‌తో ఏ ఒప్పందమూ లేని కొనుగోలుదారు నెత్తిన మిగులుతుంది.

మామూలు సూత్రం దీనికి విరుద్ధం. యూనిద్రువా అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందాల సూత్రాలు కూడా, ఒకరు తన పనిని మరొకరి చేత చేయించినా అసలు ఒప్పందదారు మీద ఎదుటి పక్షానికున్న హక్కు పోదనే చెబుతాయి. అదృష్టవశాన నిబంధన రాయడం కూడా కష్టమేమీ కాదు: "సరఫరాదారు తన సబ్‌కాంట్రాక్టర్ల చర్యలకు, లోపాలకు, అవి తన సొంత చర్యలు, లోపాలు అయినట్టుగానే కొనుగోలుదారుకు బాధ్యత వహించాలి. కొనుగోలుదారు ఇచ్చిన అనుమతి గానీ, చేసిన తనిఖీ గానీ, చేయకుండా వదిలేసిన తనిఖీ గానీ ఈ బాధ్యతను తగ్గించదు." ఇందులో రెండో వాక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. అది లేకపోతే, అనుమతి హక్కును పట్టుదలగా సంపాదించుకున్న కొనుగోలుదారుకు ఆ హక్కే ఎదురు తిరుగుతుంది: "ఆ యూనిట్‌ను మీరే ఆమోదించారు, మీ ఇంజనీరే వెళ్లి చూసొచ్చారు" అంటారు.

దైవాధీన పరిస్థితుల నిబంధనను కూడా దీనితో పాటు చదవాలి. సబ్‌కాంట్రాక్టర్ సమయానికి పని చేయకపోవడాన్నే సరఫరాదారు మినహాయింపుగా చూపకుండా చూడాలి. 1980 కన్వెన్షన్‌లోని అదే 79వ అధికరణ పెట్టిన జంట పరీక్ష దీనికి చక్కగా పనికొస్తుంది: అడ్డంకి సరఫరాదారు అదుపులో లేనిదై ఉండాలి, అతను నియమించిన వ్యక్తికి కూడా అదే పరీక్ష పెడితే అతనూ నెగ్గాలి. ఓవెన్ ఖాళీ లేకపోవడం ఆ పరీక్షలో నిలబడదు. ప్లేటింగ్ యూనిట్ ఉన్న ప్రాంతమంతా వరదలో మునిగితే నిలబడవచ్చు, అదీ మరో ఆమోదిత యూనిట్‌కు పంపే వీలు లేనప్పుడు మాత్రమే.

ఒక సందర్భంలో మాత్రం సరఫరాదారు చెప్పేది వినాలి. ఫలానా యూనిట్‌లోనే ప్లేటింగ్ చేయించాలని కొనుగోలుదారే ఆదేశించినప్పుడు, పూర్తి పూచీ సరఫరాదారు మీద పెట్టడం అన్యాయం, చాలాసార్లు నిలబడదు కూడా. అప్పుడు పంచుకునే తీరు ఇలా ఉండవచ్చు: ఆ యూనిట్ పనిని గమనించడం, వచ్చిన సరుకును తనిఖీ చేయడం, లోపాన్ని వెంటనే చెప్పడం సరఫరాదారు బాధ్యత, ఆ యూనిట్ దివాలా తీయడం, సరఫరా ఆపేయడం, దానికి తగిన సామర్థ్యమే లేకపోవడం కొనుగోలుదారు భరించాలి. సూచన చేయడానికీ ఆదేశించడానికీ తేడా రాసుకోకపోతే, ఈమెయిల్లో ఎవరో రాసిన "ఆ యూనిట్ బాగుంటుంది" అన్న మాట తర్వాత ఆదేశంగా మారిపోతుంది. ఆదేశాలు ఫలానా ఫారంలో, ఫలానా అధికారి సంతకంతోనే చెల్లుతాయని రాయడం అందుకే అవసరం.

బాధ్యత ఎవరిదో తేలినా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మిగులుతుంది. యంత్రాలను వెనక్కి పిలిపించి, విప్పి, బోల్టులు మార్చడానికి 60 వంతులు ఖర్చయిందనుకుందాం. ప్రధాన ఒప్పందంలో సరఫరాదారు బాధ్యతా పరిమితి ఆర్డరు విలువ, అంటే 100 వంతులు, కాబట్టి అతను మొత్తం 60 ఇవ్వాలి. కానీ ప్లేటింగ్ యూనిట్‌తో తన ఒప్పందంలో పరిమితి యూనిట్ చార్జీ మేరకే, అంటే 4 వంతులే ఉంది. మిగతా 56 వంతులు సరఫరాదారు సొంతంగా భరించాలి. అతను పెద్ద సంస్థ అయితే కొనుగోలుదారు దీని గురించి చింతించనక్కర్లేదు. చిన్న సంస్థ అయితే ఆ 56 వంతులు చివరికి కొనుగోలుదారు నష్టంగానే తేలవచ్చు. అందుకని కీలక ప్రాసెస్‌ల సబ్‌కాంట్రాక్టుల్లో పరిమితిని చార్జీతో కాక బీమా మొత్తంతో ముడిపెట్టాలని అడగడం మంచిది. అయితే మామూలు ఉత్పత్తి బాధ్యతా బీమా చాలావరకు శరీర, ఆస్తి నష్టానికే వర్తిస్తుంది. సరుకును వెనక్కి పిలిపించే ఖర్చుకూ, లోపమున్న సరుకును మార్చే ఖర్చుకూ వేరే పాలసీ గానీ అదనపు షరతు గానీ కావలసి ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఉన్న మొత్తం చూసి తృప్తిపడకుండా మినహాయింపుల పేజీ తెప్పించుకోవాలి.

ప్లేటింగ్ యూనిట్, సరఫరాదారు, కొనుగోలుదారు ముగ్గురూ కలిసి చేసుకునే చిన్న నేరు ఒప్పందం ఇంకో ఎంపిక. దానివల్ల కొనుగోలుదారు యూనిట్ మీద నేరుగా దావా వేయగలడు, సరఫరాదారు దివాలా తీస్తే పనిని తానే కొనసాగించుకోగలడు. ప్రతి సబ్‌కాంట్రాక్టర్‌తోనూ ఇది చేసుకోవడం అనవసర శ్రమ. ప్రత్యామ్నాయం దొరకని యూనిట్, లేదా కొనుగోలుదారు టూల్స్, డిజైన్లు చేతిలో ఉన్న యూనిట్ అయితే ఆ శ్రమ పడాలి.

చెల్లింపు ఆగినప్పుడు

సబ్‌కాంట్రాక్టర్ వైఫల్యం గురించి ఇంతసేపు మాట్లాడినా, సరఫరాదారే అతనికి డబ్బు ఎగ్గొట్టే సందర్భం కూడా ఉంది. చాలా దేశాల చట్టాల్లో, వస్తువు మీద పని చేసినవాడు తన కూలి అందేవరకు ఆ వస్తువును తన దగ్గరే పట్టి ఉంచుకోవచ్చు. కొనుగోలుదారు అడ్వాన్సు చెల్లించిన బోల్టులే అయినా, ప్లేటింగ్ యూనిట్‌కు బాకీ ఉంటే అవి గేటు దాటకపోవచ్చు. దీనికి నిబంధనలో రెండు వాక్యాలు చాలు. సబ్‌కాంట్రాక్టర్‌కు వివాదం లేని బిల్లులను గడువులోగా చెల్లిస్తానని సరఫరాదారు హామీ ఇవ్వాలి, అతను చెల్లించకపోతే 7 రోజుల నోటీసు ఇచ్చి కొనుగోలుదారు నేరుగా చెల్లించి, ఆ మొత్తాన్ని సరఫరాదారు బిల్లులోంచి తగ్గించుకునే హక్కు ఉండాలి. సరఫరాదారు దివాలా ప్రక్రియలోకి వెళ్లాక ఇలా తగ్గించుకోవడం ఆయా దేశాల చట్టాన్ని బట్టి చెల్లకపోవచ్చు కాబట్టి, ఆ హక్కును బాకీ మొదలైనప్పుడే వాడుకోగలిగేలా, నెలనెలా సబ్‌కాంట్రాక్టర్ల చెల్లింపు వివరాలను బిల్లుతో పాటు జతపరచాలన్న షరతును కూడా దాని పక్కనే రాయాలి.